జిల్లాకో రంగా, చుక్కలా, గీతలా? జనాభా, వాన చార్టుల దగ్గర ఆగిపోయాను

పద్మజ టీచర్ (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్తే. జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. స్కూలు ఎగ్జిబిషన్‌కి రెండు గోడ చార్టులు చేయిస్తున్నాను, ఒకటి జనాభా, ఇంకోటి వర్షపాతం. 2011 జనాభా లెక్కలే తీసుకున్నాను కాబట్టి మ్యాపు కూడా అప్పటి ఉమ్మడి రాష్ట్రానిదే, 23 జిల్లాలు. మా మేనల్లుడు నా లాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, జిల్లాల వారీగా రంగులు వేయడం నేర్పాడు. జనాభా పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది.

ప్రింట్ తీసి గోడకు పెట్టాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "టీచర్, అనంతపురం కూడా హైదరాబాద్ అంత రద్దీగా ఉంటుందా?" చూస్తే నిజమే, రెండింటికీ ఒకటే రంగు. హైదరాబాద్ 39.43 లక్షలు, అనంతపురం 40.81 లక్షలు. పైగా అనంతపురం మ్యాపులో అరచేయంత ఉంది, హైదరాబాద్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. లెక్క తప్పు కాదు, మ్యాపు మాత్రం అబద్ధం చెప్తోంది. చుక్కలు పెట్టమంటారా? వానకేమో పాఠ్యపుస్తకంలో ఒకే అంత వాన పడే చోట్లని కలిపే గీతలుంటాయి, అవి జనాభాకి పనికిరావా? ఎక్కడ ఏది వాడాలో ఎవరైనా వివరంగా చెప్పండి.

కార్టో నవీన్ (సోమవారం, 9:34)

చాలా సింపుల్ మేడమ్. జనాభాకి ఎప్పుడూ చుక్కలే. వానకి గీతలు. జిల్లాకో రంగు వేసేది ఎన్నికల ఫలితాలకి. కోరోప్లెత్ అనే ఈ రంగుల మ్యాపు జనాభాకి అస్సలు వాడకూడదు, మాకు ట్రైనింగ్‌లో అదే చెప్పారు.

రాఘవరావు (సోమవారం, 10:20)

నవీన్ గారూ, సగం నిజం. పద్మజ గారి మ్యాపులో తప్పు రంగులది కాదు, ఆ రంగుల వెనక పెట్టిన అంకెది. మొత్తం జనాభాని రంగుగా వేస్తే, పెద్ద జిల్లా ఆ రంగుని ఎక్కువ జాగాలో పూసుకుంటుంది, కన్ను దాన్ని "ఎక్కువ" అని చదువుతుంది. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, అనంతపురం 19,130. అంటే అదే రంగు 88 రెట్ల జాగాలో పరుచుకుంది.

విస్తీర్ణంతో భాగించండి. హైదరాబాద్‌లో చదరపు కిలోమీటరుకి 18,172 మంది, అనంతపురంలో 213 మంది. జనసాంద్రతకి కోరోప్లెత్ నిక్షేపంగా వాడొచ్చు. అక్షరాస్యత శాతం, వెయ్యిమంది పురుషులకి ఎందరు స్త్రీలు, ఇలా దేన్నైనా దేనితోనో భాగించిన అంకె అయితే జిల్లాకి రంగు వేయండి. భాగించని మొత్తాలకి వేయకండి. అవే చూపించాలంటే జిల్లా మధ్యలో జనాభాని బట్టి పెద్దదో చిన్నదో ఒక వృత్తం పెట్టండి.

పద్మజ టీచర్ (మంగళవారం, ఉదయం 6:45)

రాత్రే సాంద్రత లెక్కగట్టి మళ్ళీ రంగులు వేశాను సార్. ఇంకా ఘోరంగా వచ్చింది! హైదరాబాద్ ఒక్కటి ముదురు నారింజ, మిగతా 22 జిల్లాలు పాలిపోయిన ఒకే రంగు. ఆదిలాబాద్, కృష్ణా రెండూ ఒకటే.

రాఘవరావు (మంగళవారం, 7:30)

తరగతుల్ని సమాన అంతరాలుగా విడగొట్టి ఉంటారు. మీ జాబితాలో అన్నిటికంటే తక్కువ ఆదిలాబాద్, 170. అన్నిటికంటే ఎక్కువ హైదరాబాద్, 18,172. ఆ దూరాన్ని ఐదుగా చీలిస్తే ఒక్కో తరగతి వెడల్పు 3,600. మొదటి తరగతే 3,770 దాకా పోతుంది. హైదరాబాద్ తర్వాత స్థానం రంగారెడ్డిది, అది 707 మాత్రమే. ఇక మిగతా జిల్లాలన్నీ మొదటి గంపలోనే పడతాయి మరి. మధ్య మూడు తరగతులూ ఖాళీ. లెజెండ్‌లో ఐదు రంగులుండి మ్యాపులో రెండే కనిపిస్తే రోగం ఇదేనని గుర్తుపట్టొచ్చు.

కార్టో నవీన్ (మంగళవారం, 7:52)

క్వాంటైల్ పెట్టండి మేడమ్. ప్రతి రంగులోకీ నాలుగైదు జిల్లాలు వచ్చేలా అదే సర్దేస్తుంది.

రాఘవరావు (మంగళవారం, 8:15)

పెట్టొచ్చు, మ్యాపు అందంగా కూడా వస్తుంది. కానీ ఈ అంకెలకి మొదటి గీత 213, 220 మధ్యలో పడుతుంది. అనంతపురం ఒక రంగు, మహబూబ్‌నగర్ ఇంకో రంగు. ఏడుగురి తేడాకి రంగు మారిపోయింది. ఇటు చివర చూస్తే హైదరాబాద్, రంగారెడ్డి, కృష్ణా ఒకే గుంపు. 18,172కీ 518కీ ఒకే ముదురు రంగు అంటే మళ్ళీ మొదటికే వచ్చాం.

నేనైతే 23 సాంద్రతల్నీ కాగితం మీద వరసగా రాసి, మధ్య ఎక్కడ ఎడం ఉందో చూసి చేత్తో విడగొడతాను. 200 లోపు నాలుగున్నాయి: ఆదిలాబాద్, ఖమ్మం, కడప, ప్రకాశం. 200 నుంచి 250 దాకా ఐదు. 250 నుంచి 350 దాకా ఇంకో ఐదు. 350 నుంచి 550 దాకా ఏడు, వీటిలో శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా కోస్తా అంతా ఒక పట్టీలా కనిపిస్తుంది. ఆ పట్టీయే పిల్లలు చూడాల్సింది. రంగారెడ్డికి ఒక రంగు, హైదరాబాద్‌కి నలుపు పెట్టి పక్కన అంకె రాసేయండి. దాన్ని అదే మెట్ల వరసలో ఇరికించాలని చూడొద్దు.

వేములవాడ శ్రీను (మంగళవారం, 11:05)

నా కథ గూడ చెప్త, మేడం జాగ్రత్తపడ్తరు. నేను తెలంగాణ ఒక్కటే చేసిన, ఇప్పటి 33 జిల్లాల మ్యాపు మీద. 2011 జనాభా టేబుల్ తెచ్చి జిల్లా పేరుతోని జాయిన్ చేసిన. ఎర్రర్ ఏం రాలే. కొన్ని జిల్లాలు తెల్లగ మిగిలినయ్, వికారాబాద్, మేడ్చల్ అసొంటివి. పాత టేబుల్ల అవి లేవు గద, సరే అనుకున్న. ఆదిలాబాద్ మాత్రం ముదురు రంగు కొట్టింది! అడవి జిల్లా గంత కిక్కిరిసి ఉంటదా?

అటెన్క సమజైంది. పాత ఆదిలాబాద్ 16 వేల పైచిలుకు చదరపు కిలోమీటర్లు, ఇప్పటిది నాలుగు వేల పైచిలుకు. పేరొక్కటే, జాగ వేరు. పాత జిల్లా 27 లక్షల మంది మొత్తం వచ్చి కొత్త చిన్న జిల్లాల గూసున్నరు. సాంద్రత 650 దాటింది. తెల్లగున్న జిల్లాలైతే తప్పని కండ్లకు కనిపిస్తది. ఈ పేరు కలిసిన జిల్లాలే మోసం చేస్తయ్. అందుకే ఇప్పుడు పేరుతోని గాదు, సెన్సస్ కోడ్‌తోని జాయిన్ చేస్తున్న. మండలాలు గూడ కొత్తయి శానా ఐనయ్, ఊర్ల లెక్క దాక దిగాల్సొచ్చింది.

రాఘవరావు (మంగళవారం, 11:40)

శ్రీను గారు చెప్పింది బంగారం. దీంతోపాటు ఇంకోటి గమనించండి. జిల్లా సరిహద్దులు మారితే నేల మీద ఒక్క మనిషి కదలకపోయినా రంగుల మ్యాపు మారిపోతుంది. పాత రంగారెడ్డే తీసుకోండి. కూకట్‌పల్లి, ఎల్బీ నగర్ అందులోనే, తాండూరు పక్కన కంది చేలూ అందులోనే. 707 అనే అంకె వీటిలో ఏ ఒక్క చోటిదీ కాదు. కోరోప్లెత్ చూసినవాడు జిల్లా అంతటా మనుషులు సమానంగా పరుచుకున్నారనీ, సరిహద్దు దాటగానే ఠక్కున మారిపోయారనీ అనుకుంటాడు. చుక్కల మ్యాపు అవసరం మొదలయ్యేది ఇక్కడే.

పద్మజ టీచర్ (మంగళవారం, సాయంత్రం 5:20)

చుక్కలు కూడా మొదలుపెట్టాను. చుక్కకి పదివేల మంది అనుకున్నాం. పోలిగాన్, అంటే జిల్లా సరిహద్దు ఆకారం, దాని లోపల రాండమ్ పాయింట్లు వేసే టూల్ వాడాడు మావాడు. హైదరాబాద్ మీద నల్లటి మచ్చ వచ్చింది, చుక్కలు లెక్కపెట్టడానికి వీల్లేదు. ఇంకో విషయం, నల్లమల అడవి నిండా చుక్కలు, శ్రీశైలం జలాశయం నీళ్ళలో కూడా!

మార్కెటింగ్ సతీష్ (మంగళవారం, 6:02)

మేడమ్, నాది ఆల్రెడీ చుక్కల మ్యాపే. మా డీలర్ల షాపులు 140 ఉన్నాయి, ఫోన్లో లొకేషన్ తీసుకుని పెట్టాను. ఒక్క చుక్క కూడా నీళ్ళలో పడలేదు. మీరూ జీపీఎస్ తీసుకోండి, సమస్య తీరిపోతుంది.

రాఘవరావు (మంగళవారం, 6:50)

సతీష్ గారూ, మీ మ్యాపులో ఒక చుక్క ఒక షాపు. షాపు ఎక్కడుందో చుక్క అక్కడే. పద్మజ గారి మ్యాపులో ఒక చుక్క పదివేల మంది, ఆ పదివేల మందికి జీపీఎస్ ఎక్కడ తీస్తాం? ఆ చుక్క ఏ ఊరినీ చూపించదు, "ఈ చుట్టుపక్కల ఇంతమంది" అంటుంది, అంతే. చుక్క మీద వేలు పెట్టి ఇది మా ఊరేనా అని అడిగే పిల్లలుంటారు, లెజెండ్‌లో ఆ మాట రాయండి.

ఇక నల్లమచ్చ సంగతి. పద్మజ గారూ, చార్టు స్కేలు ఎంత?

పద్మజ టీచర్ (మంగళవారం, 7:15)

ఒక మిల్లీమీటరుకి ఒక కిలోమీటరు. చుక్క ఒక మిల్లీమీటరు.

రాఘవరావు (మంగళవారం, 8:05)

అయితే కాగితం మీద హైదరాబాద్ 217 చదరపు మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. మీ లెక్కన అక్కడ 394 చుక్కలు పడాలి. మిల్లీమీటరు చుక్క ఒక్కోటి సుమారు 0.79 చదరపు మిల్లీమీటర్లు. ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టినా 309 కావాలి, జాగా ఉన్నది 217. మచ్చ కాక ఏమవుతుంది? అవే అనంతపురంలో 408 చుక్కలు 191 చదరపు సెంటీమీటర్లలో హాయిగా పడతాయి.

చుక్కకి 50,000 మంది పెట్టి చూడండి. హైదరాబాద్‌లో 79 చుక్కలు, జాగాలో మూడో వంతు కూడా నిండదు. దగ్గరదగ్గరగా ఉంటాయి కానీ విడిగా కనిపిస్తాయి. అనంతపురంలో 82, ఆదిలాబాద్‌లో 55. ఇక్కడ ఇంకో చిక్కుంది. చుక్క విలువ పెంచేకొద్దీ పలచని చోట్లు మాయమవుతాయి. మండలాల వారీగా వేస్తే, పాతిక వేలకి తక్కువున్న ఏజెన్సీ మండలానికి ఒక్క చుక్కా రాదు. మనుషులే లేరనిపిస్తుంది. పక్క మండలాల మిగులు కలుపుకుంటూ పోయి, యాభై వేలు నిండినప్పుడు ఒక చుక్క పెట్టండి. అంత ఓపిక లేకపోతే జిల్లా లెక్కనే ఉంచుకోండి. జిల్లాకి ఎన్ని చుక్కలో టూల్‌లో ఇలా ఇవ్వొచ్చు:

```
round("POP_2011" / 50000)
```

నీళ్ళలో చుక్కలు మావాళ్ళ పటాల్లోనూ చూశాను. కంప్యూటర్‌కి తెలిసింది జిల్లా గీత ఒక్కటే. రిజర్వాయర్లు, రిజర్వు అడవుల పోలిగాన్లు తెచ్చి ముందు జిల్లాలోంచి వాటిని కోసేయండి, మిగిలిన నేల మీద చుక్కలు చల్లండి. లెక్క పాత జిల్లాదే ఉంటుంది, పడే చోటు మాత్రం తగ్గుతుంది. నల్లమల తీసేయగానే కర్నూలు, ప్రకాశం చుక్కలు ఎలా జరుగుతాయో చూడండి, మ్యాపు ప్రాణం పోసుకున్నట్టుంటుంది. అడవిలో పెంటలనే చెంచుల ఊళ్ళున్నాయి, నిజమే. యాభై వేలకో చుక్క వేసే మ్యాపు వాటిని ఎలాగూ చూపించలేదు. పక్కన ఒక ముక్క రాసిపెట్టండి.

కార్టో నవీన్ (మంగళవారం, 9:30)

ఇంత కష్టమెందుకు సార్? జిల్లా మధ్యలో ఒక పాయింట్, దానికి సాంద్రత, ఇంటర్‌పొలేషన్ కొట్టి, అంటే పాయింట్ల మధ్య విలువలు కంప్యూటర్‌తో అంచనా వేయించి, కాంటూర్లు తీసేస్తే సరి. సరిహద్దు దగ్గర ఠక్కున మారే సమస్య కూడా పోతుంది. నేను చేసి చూశాను, చాలా స్మూత్‌గా వచ్చింది.

రాఘవరావు (మంగళవారం, 10:10)

స్మూత్‌గా వస్తుంది, అదే దాని ప్రమాదం. హైదరాబాద్ పాయింట్ 18,172, నల్లగొండ పాయింట్ 245. మధ్య దారిలో మీ మ్యాపు ఎంత చూపిస్తోంది? చౌటుప్పల్ దగ్గర వేలల్లో వచ్చి ఉంటుంది. అక్కడ పొలాలున్నాయి నవీన్ గారూ. గీత వేయాలంటే రెండు చోట్ల మధ్య విలువ మెల్లగా, తెగకుండా మారాలి. వాన అలా మారుతుంది, ఉష్ణోగ్రత అలా మారుతుంది. ఊరు అలా మారదు, ఊరు అయిపోగానే అయిపోతుంది.

అరుణ, నీటి లెక్కలు (బుధవారం, ఉదయం 9:00)

రాఘవరావు గారితో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. సాంద్రతకి సమరేఖలు వేయడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే. తప్పు గీతలో కాదు, 23 పాయింట్లతో వేయడంలో ఉంది. గోదావరి డెల్టాలో గ్రామాల లెక్కలు తీసుకుంటే ఊళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి, సాంద్రత నిజంగానే మెల్లగా మారుతుంది. అక్కడ గీతలు చూడదగ్గ ఆకారమే ఇస్తాయి.

రాఘవరావు (బుధవారం, 9:40)

డెల్టా వరకూ ఒప్పుకుంటాను. తెలంగాణ పీఠభూమి మీదికి తెస్తే మాత్రం ఒప్పుకోను.

అరుణ, నీటి లెక్కలు (బుధవారం, 10:15)

సరే, ఆ పంచాయతీ ఇక్కడ తేలేది కాదు. పద్మజ గారి వాన చార్టుకి వద్దాం. జిల్లా సగటు వర్షపాతాన్ని రంగుగా వేయకండి. చిత్తూరు జిల్లానే చూడండి, తూర్పున సత్యవేడు వైపు ఈశాన్య రుతుపవనాల వాన బాగా పడుతుంది, పడమట మదనపల్లె వైపు తక్కువ. సగటు తీస్తే రెండూ పోతాయి. మబ్బుకి జిల్లా సరిహద్దు తెలియదు కదా.

చేత్తో ఒక్క గీత వేయించండి, పిల్లలకి బాగా ఎక్కుతుంది. ఉదాహరణకి రెండు వానమాపకాలు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి, ఒకచోట ఏడాది సగటు 660 మిల్లీమీటర్లు, ఇంకోచోట 760. 700 గీత ఎక్కడ దాటుతుంది? మొత్తం తేడా 100, మనకి కావలసింది 40. అంటే 60లో పదింట నాలుగు వంతులు, మొదటి మాపకం నుంచి 24 కిలోమీటర్లు. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఇలాంటి గుర్తులన్నీ కలపాలి. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటితే ఎక్కడో లెక్క తప్పినట్టే, ఒకే చోట రెండు సగటులుండవు.

కంప్యూటర్ చేసిన దాంట్లో ఒక మాపకం చుట్టూ గుండ్రంగా చిన్నచిన్న వలయాలొస్తే అనుమానించండి. ఎక్కువసార్లు అది వాన ఆకారం కాదు, లెక్క పద్ధతి ఆకారం. ఒక మాపకాన్ని తీసేసి మళ్ళీ గీయించి, ఆ చోట మ్యాపు చెప్పిన విలువని అసలు విలువతో పోల్చండి. తేడా మీ గీతల మధ్య ఎడం కంటే ఎక్కువుంటే గీతలు మరీ దగ్గరగా వేశారన్నమాట. పాడేరు వైపు కొండల్లో ఈ పరీక్ష మొహం మీద కొడుతుంది, కిందా పైనా మాపకాలు సరిపడా లేకపోతే.

వేములవాడ శ్రీను (బుధవారం, 12:30)

అక్కా, మరి వాతావరణ శాఖోళ్ళు జిల్లాకో రంగు ఏస్తరు గదా వానకు? ఆకుపచ్చ, ఎరుపు, నీలం. వాళ్ళది తప్పా?

అరుణ, నీటి లెక్కలు (బుధవారం, 1:10)

మంచి ప్రశ్న తమ్ముడూ. వాళ్ళు రంగు వేసేది ఎంత వాన పడిందనే దానికి కాదు, మామూలు కంటే ఎంత శాతం తేడా పడిందనే దానికి. అది భాగించిన అంకె. మామూలుకి 19 శాతం అటూ ఇటూ అయితే సాధారణం, 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు, 60 పైన తక్కువైతే తీవ్ర లోటు. పైగా ఆ మ్యాపు చూసి పని మొదలుపెట్టేది జిల్లా యంత్రాంగం, వాళ్ళకి జవాబు జిల్లాగానే కావాలి. అందుకని అక్కడ రంగు సరైనదే. దాని జబ్బు కూడా దానికుంది: 19 శాతం తక్కువ పడ్డ జిల్లా సాధారణం, పక్కన 20 శాతం తక్కువ పడ్డది లోటు. ఒక్క శాతానికి రంగు మారుతుంది.

ధర్మవరం కుర్రోడు (బుధవారం, రాత్రి 8:45)

అక్కా, ఇంతసేపూ చదివినా. నాకొక డౌటు. మాది అనంతపురం పక్క, ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లు, దాంట్లో కూడా నమ్మకం లేదు. మా నాయన మళ్ళీ బోరు ఏపిస్తానంటాడు. ఊళ్ళో 30 బోర్లకి ఎన్ని అడుగులకి నీళ్ళు పడినాయో నాకాడ ఉంది. ఈ గీతల పద్ధతిలో లోతుల మ్యాపు గీస్తే మా చేన్లో ఎన్ని అడుగులకి పడతాయో తెలుస్తుంది కదా?

అరుణ, నీటి లెక్కలు (బుధవారం, 9:30)

ఆ మ్యాపు నమ్మి డబ్బు పెట్టొద్దు. మీ పక్క నేలంతా గట్టి రాయి. లోతు బోర్లలో నీళ్ళుండేది రాతి పగుళ్ళలో. పగులు తగిలిన బోరుకి 200 అడుగుల్లో పడొచ్చు, నలభై గజాల అవతల పగులు తగలకపోతే 700 దాకా దుమ్మే. ఈ రెండు బోర్ల మధ్యలో వేస్తే 450కి పడుతుందని గీత చెప్తుంది. చౌటుప్పల్ కథే ఇది, నేల కింద. పాత తవ్వుడు బావుల్లో నీటిమట్టం అయితే వేరు. పైనున్న మెత్తబడ్డ రాతి పొరలో నీళ్ళు కొంతవరకు తెగకుండా ఉంటాయి, వాటికి ఒకే నెలలో కొలిచిన మట్టాలతో గీతలు వేస్తే నీళ్ళు ఎటు వాలుతున్నాయో కొంత తెలుస్తుంది.

మీ దగ్గరున్న 30 బోర్లకి సతీష్ గారి మ్యాపే సరి. ఒక బోరుకి ఒక చుక్క, పడినవాటికి నీలం, పడనివాటికి ఎరుపు, పక్కన లోతు. నీలం చుక్కలు ఒక వరసలో వస్తున్నాయేమో చూడండి. వస్తే ఆ వరస పగులు దిశ కావొచ్చు, జియాలజిస్టుకి చూపించండి. ఎండిపోయిన బోర్లు కూడా అందులో ఉన్నాయా? అవి వదిలేస్తే మ్యాపు మీకు ఆశే చూపిస్తుంది.

ధర్మవరం కుర్రోడు (బుధవారం, 9:41)

పడనివి రాయలేదక్కా. అవి ఇంకో ఇరవై ఉంటాయి. రేపు తిరిగి రాసుకొస్తా.

మార్కెటింగ్ సతీష్ (బుధవారం, 9:55)

చూశారా, నా మ్యాపు పనికొచ్చింది 😀

పద్మజ టీచర్ (గురువారం, సాయంత్రం 6:30)

జనాభాకి రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టాను. ఎడమవైపు సాంద్రత రంగులు, రాఘవరావు గారు చెప్పిన విరుపులతో, హైదరాబాద్ నలుపు. కుడివైపు యాభై వేలకో చుక్క, అడవులూ జలాశయాలూ తీసేసి. చుక్కల మ్యాపులో కృష్ణా, గోదావరి డెల్టాల్లో గుంపులు, నల్లమల దగ్గర ఖాళీ, పిల్లలు ఎవరూ చెప్పకుండానే పట్టేశారు. ప్రశ్న అడిగిన పిల్ల చుక్కల మ్యాపు ముందు నిలబడి అనంతపురం, హైదరాబాద్ చుక్కలు లెక్కపెట్టి చూసి "రెండూ దాదాపు సమానమే, కానీ హైదరాబాద్‌లో నిలబడ్డానికి జాగా లేదు టీచర్" అంది.

వాన చార్టుకి గీతలు పెన్సిల్‌తోనే వేయిస్తున్నాం. 700 గీత ఒకచోట రాష్ట్ర సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతోంది, అవతల మాకు మాపకాల లెక్కలు లేవు. అక్కడ గీత ఆపేయనా, చుక్కల గీతగా కొంచెం పొడిగించనా?

అరుణ, నీటి లెక్కలు (గురువారం, 7:05)

ఆపేయండి. బళ్ళారి, తుమకూరు వైపు మాపకాల లెక్కలు దొరికితే అప్పుడు పొడిగిద్దాం. ఇవతల అంచున కూడా చివరి మాపకం దాటాక గీత పలచగా వేయించండి, అక్కడ ఒకవైపే ఆధారం ఉంది.

కార్టో నవీన్ (గురువారం, 7:40)

నేను చౌటుప్పల్ చెక్ చేశాను. నా మ్యాపులో దగ్గరదగ్గర తొమ్మిది వేలు వచ్చింది 🙏 మండలాల డేటాతో మళ్ళీ చేస్తున్నాను, అరుణ గారు అన్నట్టు డెల్టా వరకే.